విదేశీ స్టూడియో ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో సైట్: ఎవరికి ఏది సరిపోతుంది?

పోయిన వేసవిలో మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. ఆరేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు. చివరి రెండేళ్లలో నగల దుకాణాలకు క్యాటలాగ్ ఫొటోలు తీయడం కూడా మొదలుపెట్టాడు, ఆ పనే వాడికి బాగా నచ్చింది. దుబాయ్, లండన్‌లలో ఆన్‌లైన్ అమ్మకాల స్టూడియోలు ఉంటాయి కదా, అక్కడ ప్రాడక్ట్ ఫొటోగ్రాఫర్ ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నాడు. "అన్నా, ఇరవై చోట్లకి పంపాను. ఒక్కళ్లూ జవాబు ఇవ్వలేదు. వెబ్‌సైట్ చేయించుకోమంటున్నారు. ఒకాయన ముప్పై వేలు అడుగుతున్నాడు, ఇంకొకాయన ఫ్రీగా అయిపోతుందంటున్నాడు. ఏది చేయను?" అన్నాడు.

నేను నాలుగేళ్లు దుబాయ్‌లో అలాంటి స్టూడియోలోనే పనిచేశాను. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు మా మేనేజర్ పక్కన కూర్చుని లింకులు తెరిచి చూడడం నా పనిలో భాగం. అందుకే ముందు వాడు పంపిన లింకులే అడిగాను. రెండు ఉన్నాయి. ఒకటి ఇన్‌స్టాగ్రామ్ పేజీ, రెండోది గూగుల్ డ్రైవ్ ఫోల్డర్. లాగిన్ లేని బ్రౌజర్‌లో తెరిస్తే ఇన్‌స్టాగ్రామ్ కాస్త కిందికి జరపగానే లాగిన్ అవ్వమని అడ్డుపడింది. డ్రైవ్ ఫోల్డర్ అయితే నేరుగా `Request access` అని చూపించింది. షేరింగ్ సెట్టింగ్‌ను వాడు `Restricted` లోనే వదిలేశాడు. ఆ ఇరవై మందిలో కొందరైనా ఆ పేజీ చూసి మూసేసి ఉంటారు. అనుమతి కావాలని రాసి, జవాబు వచ్చేదాకా ఎదురుచూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

కాబట్టి వెబ్‌సైట్ కావాలన్న మాట నిజమే. ఎక్కడ కట్టుకోవాలన్నది తేలాలంటే మాత్రం, దాన్ని తెరిచే మనిషి ఏం వెతుకుతాడో ముందు తెలియాలి.

తెరిచేవాళ్లు ఏం చూస్తారు

ఆన్‌లైన్ స్టూడియోలో రోజుకు పదుల కొద్దీ వస్తువులు ఒకే కాంతిలో, ఒకే కోణంలో, ఒకే రంగులో బయటికి రావాలి. ఒక అద్భుతమైన ఫొటో తీశాడా అని అక్కడ ఎవరూ అడగరు. పన్నెండు ఉంగరాలు ఇస్తే పన్నెండూ ఒకేలా తీయగలడా అన్నదే ప్రశ్న. అందుకే మా మేనేజర్ సైట్ తెరవగానే సెట్లు వెతికేవాడు: ఒకే రకం వస్తువులు వరుసగా, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, నీడలు ఒకే వైపు. ఆ తర్వాత రిటచింగ్ ఎవరు చేశారో చూసేవాడు. పెద్ద స్టూడియోల్లో ఫొటో తీసేవాళ్లు, వస్తువును అలంకరించేవాళ్లు, రిటచ్ చేసేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. "లైటింగ్, ఫొటో నావి, రిటచింగ్ మరొకరిది" అని నిజాయితీగా రాసినవాళ్ల మీద నమ్మకం పెరిగేది. మన దగ్గర అన్నీ ఒక్కడే చేస్తాడు కనుక అది రాయాలన్న ఆలోచనే చాలామందికి రాదు. అన్నీ తానే చేసినా సరే, ఆ మాటే రాయాలి.

ఇదంతా ఒక్కో సైట్ మీద నిమిషం లోపే జరిగిపోయేది. లింక్ మొదట హెచ్‌ఆర్ వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది, అక్కడ దాటితే మేనేజర్ పెద్ద స్క్రీన్ మీదికి వెళ్తుంది. అంటే సైట్ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి, పెద్ద స్క్రీన్ మీద పదునుగా కనిపించాలి, సెట్లను విడివిడిగా చూపించాలి. పాటలు మోగడం, బొమ్మలు ఎగిరి రావడం, "వెల్‌కమ్" అని ఐదు సెకన్ల యానిమేషన్, ఇవేవీ అక్కర్లేదు. ముప్పై వేలు అడిగినాయన కొటేషన్‌లో సగం డబ్బు వాటికే పోతోంది.

ముందు పేరు కొనండి

ఏ సర్వీసులో సైట్ కట్టినా డొమైన్ మాత్రం సొంత అకౌంట్‌లో, సొంత ఈమెయిల్‌తో, విడిగా కొనమని చెప్తాను. ఒక `.com` పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు అవుతుంది. పేరు మన చేతిలో ఉంటే రేపు సర్వీస్ మార్చుకున్నా, పంపిన అప్లికేషన్లలోని లింక్ మారదు. వెబ్‌సైట్ చేసిపెట్టే స్నేహితుడి అకౌంట్‌లో కొన్న పేర్లు, అతను ఉద్యోగం మారాక పాస్‌వర్డ్ దొరక్క ఎక్స్‌పైర్ అయిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

మన పేర్లతో ఒక చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇనిషియల్ ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో "ఫలానా క్లిక్స్" అని ఉంటుంది. తీసుకునేవాళ్లకు ఇది ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. సీవీ మీద, సైట్ మీద, లింక్డ్‌ఇన్‌లో ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ ఉంచండి. డొమైన్‌లో మొత్తం ఇంటిపేరు పెట్టాల్సిన పని లేదు. ఫోన్‌లో ఒకసారి చెప్తే అవతలి మనిషి తప్పు లేకుండా టైప్ చేయగలగాలి, అంతే. మావాడి పేరు చివర్లో ఒక ‘హెచ్’ ఉంది, అది ఉంటుందో లేదో వినేవాళ్లకు తెలియదు. అందుకని పొట్టి పేరు, దాని పక్కన `photo` అని కలిపి కొన్నాం.

కొన్న వెంటనే ఈమెయిల్ నిర్ధారించమని ఒక మెయిల్ వస్తుంది. దాన్ని ప్రకటన అనుకుని వదిలేయకండి. `.com` లాంటి పేర్లకు 15 రోజుల్లో ఆ లింక్ నొక్కకపోతే డొమైన్ పనిచేయడం ఆగిపోతుంది. రెండు వారాలు బాగా నడిచిన సైట్ ఉన్నట్టుండి మాయమైందంటే ముందు చూడాల్సింది ఇదే.

వర్డ్‌ప్రెస్ ఎందుకు వద్దన్నాను

ఫ్రీ అన్నాయన మాట వర్డ్‌ప్రెస్ గురించి. సాఫ్ట్‌వేర్ ఫ్రీనే. హోస్టింగ్ కొనాలి, థీమ్ వేయాలి, గ్యాలరీకి ఒక ప్లగిన్, ఫారమ్‌కు ఒకటి, స్పీడ్‌కు ఒకటి పెట్టాలి. హోస్టింగ్ మొదటి ఏడాది చాలా చవగ్గా కనిపిస్తుంది. కొనే ముందు రెన్యువల్ ధర ఎంతో చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. అయినా నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. ఆ ప్లగిన్లన్నిటినీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి. పెళ్లిళ్ల సీజన్‌లో మూడు నెలలు లాగిన్ అవ్వని ఫొటోగ్రాఫర్ ఆ పని చేయడు.

అప్‌డేట్ లేని ప్లగిన్ గుండా దూరిన మాల్‌వేర్ ఒక విచిత్రమైన పని చేస్తుంది. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లను, ఫోన్‌లో తెరిచినవాళ్లను మాత్రమే జూదం సైట్లకో మందులు అమ్మే పేజీలకో పంపిస్తుంది. ఓనర్ లాగిన్ అయి చూస్తే సైట్ మామూలుగానే కనిపిస్తుంది. అంటే చెడిపోయిందని చివరగా తెలిసేది మనకే. ఇప్పటికే వర్డ్‌ప్రెస్ వాడుతున్నవాళ్లు నెలకోసారి వైఫై ఆపి, మొబైల్ డేటాతో, ఇన్‌కాగ్నిటో విండోలో, గూగుల్‌లో తమ పేరు వెతికి అక్కడి నుంచి తెరిచి చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను చేర్చుకుంటే `Security issues` కింద కూడా హెచ్చరిక వస్తుంది.

బ్లాగ్ రాస్తూ, బుకింగ్‌లు తీసుకుంటూ, పదేళ్లు నడపాలనుకునే స్టూడియోకు వర్డ్‌ప్రెస్ మంచిదే. నలభై ఫొటోలు చూపించి ఉద్యోగం తెచ్చుకోవాల్సిన మనిషికి మాత్రం ఆ మెయింటెనెన్స్ దండగ.

స్క్వేర్‌స్పేస్, అడోబ్ పోర్ట్‌ఫోలియో

నిజమైన పోటీ ఈ రెండిటి మధ్యే. రెండిట్లోనూ కోడ్ అక్కర్లేదు. హోస్టింగ్ వాళ్లదే, అప్‌డేట్ల బాధ లేదు. ఒక్కో ఫొటోను వాళ్లే రకరకాల సైజుల్లో తయారుచేసి, ఫోన్‌కు చిన్నది, పెద్ద స్క్రీన్‌కు పెద్దది పంపిస్తారు.

స్క్వేర్‌స్పేస్ పేజీలు అందంగా ఉంటాయి. అమరికలో స్వేచ్ఛ ఎక్కువ, అమ్మకాలు, అపాయింట్‌మెంట్లు కూడా పెట్టుకోవచ్చు. శాశ్వతంగా ఫ్రీగా ఉండే ప్లాన్ లేదు, 14 రోజుల ట్రయల్ ఉంది. ట్రయల్‌లో సైట్ బయటివాళ్లకు మామూలుగా కనిపించదు. డబ్బు కట్టకముందే లింక్ పంపేస్తే అవతలివాళ్లకు ప్రైవేట్ సైట్ అని వస్తుంది, మనకు మాత్రం లాగిన్‌లో ఉంటాం కనుక అంతా బాగానే కనిపిస్తుంది. చిన్న ప్లాన్‌కే ఏడాదికి దాదాపు 200 డాలర్లు అవుతుంది. మన దగ్గరి వ్యక్తులకు విదేశీ డిజిటల్ సేవల మీద 18 శాతం జీఎస్టీ, కార్డును బట్టి రెండు నుంచి మూడున్నర శాతం దాకా విదేశీ మారక చార్జీ కలుస్తాయి.

అడోబ్ పోర్ట్‌ఫోలియో గురించి మన ఫొటోగ్రాఫర్లలో చాలామందికి తెలియదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. లైట్‌రూమ్, ఫొటోషాప్ కోసం నెలనెలా డబ్బు కడుతున్నవాళ్లకు అది అదనపు ఖర్చు లేకుండా వస్తుంది. ఫొటోగ్రఫీ ప్లాన్‌తో కూడా వస్తుంది. `portfolio.adobe.com` లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. సొంత డొమైన్ కలుపుకోవచ్చు, పేజీకి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లైట్‌రూమ్ ఆల్బమ్‌లను నేరుగా దింపుకోవచ్చు. థీమ్‌లు తక్కువ. అమరికలో మన ఇష్టం ఒక హద్దు దాకానే సాగుతుంది, ఏమీ అమ్ముకోలేం. ఉద్యోగానికి అప్లై చేసేవాడికి ఆ లోటు పెద్దగా తెలియదు. తెల్ల పేజీ మీద ఫొటోల వరుసలే కదా మేనేజర్‌కు కావాల్సింది.

దానికి ఒక మంచి గుణం ఉంది, మావాడి విషయంలో నన్ను ఒప్పించింది అదే. ఒకే సబ్‌స్క్రిప్షన్ మీద ఐదు సైట్ల దాకా కట్టుకోవచ్చు. నగల స్టూడియోకు పంపేది ఒకటి, పెళ్లిళ్ల క్లయింట్లకు చూపించేది ఇంకొకటి. రెండూ ఒకే సైట్‌లో ఉంటే లండన్‌లో తెరిచే మనిషికి మొదట పెళ్లి మండపం కనిపిస్తుంది, మనకు కావాల్సిన ఉంగరాలు నాలుగో మెనూలో దాక్కుంటాయి.

లోటు కూడా ఒకటి గట్టిదే ఉంది. అడోబ్ సబ్‌స్క్రిప్షన్ ఆగిన రోజు సైట్ కూడా ఆగిపోతుంది. స్క్వేర్‌స్పేస్‌లోనూ ఇంతే, అక్కడి డిజైన్ కూడా మనతో బయటికి రాదు. మనకు మిగిలేవి ఫొటోలు, రాత, డొమైన్. అందుకే ఎగుమతి చేసిన జేపెగ్‌లు, రాసుకున్న వివరాలు కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌గా ఉంచుకోవాలి. అవి ఉంటే వేరే చోట సైట్‌ను ఒక ఆదివారంలో మళ్లీ కట్టుకోవచ్చు.

డబ్బు ఆటోమేటిక్‌గా కట్ అవుతుందనుకోకండి

పోలికల్లో ఎవరూ చెప్పని విషయం ఇది. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం, కార్డు మీద ప్రతి నెలా, ప్రతి ఏడాదీ దానంతట అదే కట్ అయ్యే చెల్లింపులకు మనం ముందుగా బ్యాంకు ద్వారా అనుమతి, అంటే ఇ-మ్యాండేట్, ఇచ్చి ఉండాలి. ప్రతిసారీ 24 గంటల ముందు బ్యాంకు మనకు తెలియజేయాలి. మొదట్లో 5,000 రూపాయలు దాటితే ఓటీపీ తప్పనిసరి చేశారు, 2022లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. ఈ ఏర్పాటు లేని విదేశీ సంస్థ మన కార్డు మీద చార్జ్ చేయబోతే బ్యాంకు తిరస్కరిస్తుంది. ఏడాది డబ్బు ఒకేసారి డాలర్లలో కట్టే సైట్ల విషయంలో మొత్తం 15,000 దాటడం తేలికే, అప్పుడు మ్యాండేట్ ఉన్నా ఓటీపీ కావాల్సిందే.

ఫలితం ఎలా ఉంటుందంటే, పేమెంట్ ఫెయిలైందని ఒక మెయిల్ వస్తుంది, అది ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడుతుంది, కొన్ని రోజులకు సైట్ ఆగిపోతుంది. సరిగ్గా ఆ వారమే ఇంటర్వ్యూకు ముందు ఎవరో లింక్ తెరుస్తారు. నా సొంత సైట్ ఇలాగే పదకొండు రోజులు మూతబడింది. నాకు తెలిసింది కూడా ఒక పాత స్నేహితుడు "నీ సైట్ రావడం లేదేంటి" అని మెసేజ్ పెట్టాకే.

అందువల్ల సర్వీస్ ఎంచుకునేటప్పుడు డబ్బు రూపాయల్లో తీసుకుంటారా, యూపీఐ గానీ మన బ్యాంకు మ్యాండేట్ గానీ పనిచేస్తుందా అని చెక్‌అవుట్ పేజీ దాకా వెళ్లి చూడండి. అడోబ్‌కు మీరు ఇప్పటికే ఏళ్ల తరబడి కడుతూ ఉంటే ఆ దారి పనిచేస్తుందని మీకు తెలిసినట్టే. కొత్త విదేశీ సర్వీస్ అయితే కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, ఏడాది ప్లాన్ తీసుకోవాలి, రెన్యువల్‌కు పది రోజుల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలి.

మావాడి సైట్ ఎలా కట్టాం

వాడు అడోబ్ ఫొటోగ్రఫీ ప్లాన్‌కు డబ్బు కడుతూనే ఉన్నాడు కనుక అడోబ్ పోర్ట్‌ఫోలియోనే ఎంచుకున్నాం. పేరు కొన్న ఖర్చు తప్ప కొత్త ఖర్చు లేదు. ఫొటోలు ఏరడానికి పట్టిన సమయంలో పదో వంతు కూడా సైట్ కట్టడానికి పట్టలేదు.

నగల ఫొటోలు దాదాపు తొమ్మిది వందలు ఉన్నాయి. నలభై ఒకటి ఉంచాం. మొదటి సెట్‌లో పన్నెండు ఉంగరాలు: ఒకే కోణం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. ఏరుతుంటే అసలు లోపం బయటపడింది. ఆరు ఉంగరాల్లో బంగారం పచ్చగా ఉంది, ఆరింటిలో ఎర్రగా ఉంది. రెండు వేర్వేరు రోజుల్లో తీశాడు, రంగులు సరిచూసుకునే కలర్ చెకర్ కార్డు పెట్టలేదు. ఒక్కొక్కటిగా చూసినన్నాళ్లు వాడికది కనిపించలేదు, వరుసగా పెట్టగానే కొట్టొచ్చినట్టు కనిపించింది. దుకాణం ఓనర్‌ను అడిగి ఒక మధ్యాహ్నం మళ్లీ కూర్చుని, కార్డు పెట్టి, కెమెరాను లాప్‌టాప్‌కు కేబుల్‌తో కలిపి పన్నెండూ ఒకే పూట తీశాడు. ఆ కేబుల్ పద్ధతే విదేశీ స్టూడియోల్లో రోజువారీ పని, చాలా చోట్ల క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తారు. ఆ సంగతిని సెట్ కింద ఒక వాక్యంలో రాశాం.

రెండో సెట్ ఒకే కాసులపేరు, ఐదు కోణాల్లో: ముందు, పక్క, కొక్కెం, ఒక్క కాసు దగ్గరగా, మెడలో వేసుకున్నది. దగ్గరి ఫొటో తొమ్మిది ఫోకస్ పొరలు, అంటే ఒక్కోటీ వేరే చోట ఫోకస్ చేసి తీసిన ఫొటోలు, కలిపి చేసినదని రాశాం, పక్కనే కలపకముందు ఒక పొరను పెట్టాం. మూడో సెట్ అలంకరణతో తీసినవి. పెళ్లి ఫొటోలు ఒక్కటీ లేవు. మెడలో వేసుకున్న ఫొటోలో మొహం కనిపించే అమ్మాయి దగ్గర, దుకాణం వాళ్ల దగ్గర సైట్‌లో పెట్టుకోవడానికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకున్నాం. ఒక దుకాణం వాళ్లు కుదరదన్నారు, వాళ్ల ఫొటోలు తీసేశాం.

లైట్‌రూమ్ నుంచి ఎగుమతి చేసిన లెక్క ఇది: పొడుగు వైపు 2400 పిక్సెళ్లు, నాణ్యత 80, కలర్ స్పేస్ `sRGB`, మెటాడేటాలో `Remove Location Info` టిక్. `Adobe RGB` లో వదిలేస్తే కొన్ని చోట్ల బంగారం పాలిపోయినట్టు కనిపిస్తుంది, నగలు తీసేవాడికి అంతకన్నా చెడ్డ ప్రకటన లేదు. లొకేషన్ తీసేయకపోతే దుకాణం ఉన్న చోటో, మన ఇంటి అడ్రసో ఫొటో లోపల ఉండిపోవచ్చు.

పరిచయం పేజీలో ఐదు విషయాలే రాశాం. ఏం తీస్తాడు, ఎక్కడ ఉంటాడు, వీసా స్పాన్సర్‌షిప్ కావాలా, ఎన్ని రోజుల్లో చేరగలడు, ఈమెయిల్‌తో పాటు `+91` కలిపిన ఫోన్ నంబర్. వీసా మాట దాచిపెట్టడం వల్ల లాభం లేదు. మొదటి ఫోన్ కాల్‌లోనే అది బయటికి వస్తుంది, ఇద్దరి సమయమూ వృథా. కాంటాక్ట్ ఫారమ్ పెట్టలేదు. ఫారమ్ మెయిళ్లు స్పామ్‌లో పడినా మనకు తెలియదు, ఈమెయిల్ అయితే నేరుగా వస్తుంది.

పంపే ముందు పరీక్ష: మా చెల్లి ఫోన్‌లో, వైఫై ఆపి, ఇన్‌కాగ్నిటోలో తెరిచాం. హోమ్ పేజీలో మొదటి ఫొటో రావడానికి ఏడు సెకన్లు పట్టింది. చూస్తే వాడు ఆ ఒక్కదాన్ని 18 ఎంబీల పీఎన్‌జీగా పెట్టాడు. దాని బదులు జేపెగ్ పెట్టగానే రెండు సెకన్లలోపు వచ్చింది. లింక్‌ను వాట్సాప్‌లో ఒకరికొకరం పంపుకుని, కింద వచ్చే చిన్న బొమ్మ సరైనదేనా అని కూడా చూశాం.

డిజైనర్లకు లెక్క వేరు

గ్రాఫిక్ డిజైనర్లకు పైన చెప్పినది చాలావరకు సరిపోతుంది. డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్‌లో పేజీ ఒక్కటే ఉన్నా చెల్లుతుంది, కానీ మన ప్రాజెక్ట్ కిందే వేరేవాళ్ల పనులు కూడా చూపిస్తారు. చూసేవాళ్లు అటు వెళ్లిపోవచ్చు. దాన్ని రెండో లింక్‌గా ఉంచుకోండి.

యాప్‌లు, వెబ్‌సైట్లు డిజైన్ చేసేవాళ్ల విషయం వేరు. వాళ్ల దగ్గర అందమైన స్క్రీన్ల కంటే, ఏ సమస్యకు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారన్న కథనం చూస్తారు. అంటే రాత ఎక్కువ, బొమ్మలు తక్కువ. ఫొటో గ్యాలరీ కోసం కట్టిన అడోబ్ పోర్ట్‌ఫోలియోలో పొడుగు రాత ఇబ్బందిగా ఉంటుంది. వీళ్లకు ఫ్రేమర్ లాంటి సైట్ కట్టే సర్వీస్ గానీ, హెచ్‌టీఎమ్‌ఎల్ కాస్త తెలిస్తే సొంతంగా రాసి గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకోవడం గానీ మేలు. గిట్‌హబ్ పేజెస్ ఫ్రీ, సొంత డొమైన్ కలుపుకోవచ్చు, సైట్ మొత్తం 1 జీబీ లోపు ఉండాలి. డబ్బు కట్టే పని లేదు కనుక కార్డు ఫెయిలై సైట్ ఆగిపోయే భయమూ లేదు. డెవలపర్లతో కలిసి పనిచేయగలడన్న నమ్మకం కూడా కాస్త కలుగుతుంది.

సొంతంగా రాసేటప్పుడు, ఫొటోల సైజులు తయారుచేసే పని మనదే. ఒక్కో బొమ్మను రెండు మూడు వెడల్పుల్లో ఎగుమతి చేసి ఇలా పెట్టాలి:

```html
<img src="home-1200.jpg"
     srcset="home-600.jpg 600w, home-1200.jpg 1200w, home-2400.jpg 2400w"
     sizes="(max-width: 800px) 100vw, 1200px"
     width="1200" height="800" alt="Booking screen, final version">
```

ప్రతి స్క్రీన్ తన వెడల్పుకూ పదునుకూ సరిపడే ఫైలును తీసుకుంటుంది. `width`, `height` ఇస్తే బొమ్మ వచ్చేలోపు రాత కిందికీ పైకీ గెంతదు.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. మొదటిది ఫైలు పేర్లు. విండోస్ కంప్యూటర్‌లో `Home.JPG` అన్నా `home.jpg` అన్నా ఒకటే, గిట్‌హబ్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇంట్లో అన్నీ కనిపించి, పైకి ఎక్కించాక సగం బొమ్మలు రాకపోతే కారణం తరచుగా ఇదే. మొదటి నుంచీ అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి.

రెండోది దీనికన్నా ప్రమాదకరం. ఫ్రీ అకౌంట్‌లో గిట్‌హబ్ పేజెస్ వాడాలంటే రెపాజిటరీ, అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు, పబ్లిక్‌గా ఉండాలి, పేజీకి పాస్‌వర్డ్ పెట్టడానికీ వీల్లేదు. కంపెనీ రహస్యంగా ఉంచమన్న పనిని అక్కడ ఒకసారి పెట్టి తర్వాత తీసేసినా, పాత కమిట్‌లలో, అంటే అక్కడ దాచి ఉండే పాత వెర్షన్లలో, అది అలాగే ఉంటుంది, తెలిసినవాళ్లు తెరిచి చూడగలరు. ఇంకా విడుదల కాని యాప్ స్క్రీన్లు అలా దొరికితే ఉద్యోగం రాకపోగా ఉన్నది కూడా పోవచ్చు. ఒప్పందం కింద ఉన్న పని చూపించాల్సి వస్తే ముందు కంపెనీ అనుమతి అడగండి. అనుమతిచ్చిన మేరకు పాస్‌వర్డ్ సదుపాయం ఉన్న సర్వీసులో పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను అప్లికేషన్‌లో లింక్ పక్కనే రాయండి. విడిగా మెయిల్‌లో పంపిస్తానంటే ఎవరూ అడగరు. మొత్తం సైట్‌కు మాత్రం పాస్‌వర్డ్ పెట్టొద్దు, రెండు మూడు ప్రాజెక్టులైనా తలుపు తీసి ఉండాలి.

నా సలహా ఎప్పుడు మారుతుంది

అడోబ్‌కు డబ్బు కట్టకుండా వేరే సాఫ్ట్‌వేర్ వాడే ఫొటోగ్రాఫర్ అయితే, కేవలం సైట్ కోసం అడోబ్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోమని చెప్పను. పక్కన పెళ్లిళ్ల బుకింగ్‌లు కూడా సైట్ ద్వారానే వస్తున్నాయంటే స్క్వేర్‌స్పేస్ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఏదీ కుదరక, ఇంకో నాలుగు రోజుల్లో అప్లికేషన్ గడువు ముగుస్తుందనుకోండి, పదిహేను పేజీల పీడీఎఫ్ చేసి పంపండి. 10 ఎంబీల లోపు ఉంచండి, అంతకన్నా పెద్దదాన్ని చాలా అప్లికేషన్ ఫారమ్‌లు తీసుకోవు. సైట్ ఉన్నా ఆ పీడీఎఫ్ ఉంచుకోవడం మంచిది, ఐరోపాలో కొన్ని స్టూడియోలు అదే అడుగుతాయి. మావాడికి కూడా సైట్‌లోని మూడు సెట్లతోనే ఒకటి చేశాం, ప్రతి పేజీ కింద డొమైన్ పేరు పెట్టాం.

వాడు ఆ పాత ఇరవైలో ఇంకా తెరిచి ఉన్న ఏడు చోట్లకు కొత్త లింక్‌తో మళ్లీ రాశాడు. మూడో వారంలో దుబాయ్ నుంచి ఒక స్టూడియో టెస్ట్ షూట్ ఇచ్చింది: ఎనిమిది వాచీలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, రెండు రోజుల గడువు. వాచీలు సైట్‌లో ఒక్కటీ లేవు. "ఉంగరాల సెట్ చూశాం, అద్దం మీద వెలుగు ఎలా పట్టుకుంటావో చూడాలనుంది" అని రాశారు. ప్రస్తుతం వాడు ఇంట్లో ట్రేసింగ్ పేపర్, రెండు సాఫ్ట్‌బాక్సులు, మా బాబాయి వాచీతో ఆ పనిమీదే ఉన్నాడు.